పది లాభం, పది నష్టం, చెల్లుకు చెల్లు: తెలియకుండా నూటికి రూపాయి పోగొట్టుకునే విధానం

నష్టం ఎవరికైనా వస్తుంది. నష్టపోయి కూడా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ "ఇయ్యాల లాభం లేదు, నష్టం లేదు" అని నిబ్బరంగా చెప్పగలగడం మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది. ఈ చిట్కాలు అందుకే. మర్రిగూడ చుట్టుపక్కల జీవాల బేరం చేసేవాళ్లను, చేద్దామని ఉబలాటపడేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాం. సైకిళ్లు, సెల్‌ఫోన్లు, చీరలు అమ్మేవాళ్లకూ ఇవే పనికొస్తాయి.

పెట్టుబడి 20,000 రూపాయలు కావాలి. చదువు పెద్దగా అక్కర్లేదు, శాతం అనే మాట ఎక్కడో ఒకచోట విని ఉంటే చాలు. "శాతం దేని మీద?" అని అడిగే పాడలవాటు ఉంటే మాత్రం ఇవాళే మానుకోండి.

1. ఒక పోతును సవకగా కొనండి, ఇంకొకదాన్ని పిరంగా కొనండి

మొదటిది ఊళ్లోనే కొనండి. ఎవరింట్లో పైసల అక్కర పడిందో ముందు రోజే వాకబు చేసుకోండి. పిల్లకు హాస్టల్ ఫీజు కట్టాల్సిన ఇల్లయితే మరీ మంచిది. పొద్దున్నే పోయి కూర్చోండి, చాయ్ పోస్తే తాగండి, పోతు బక్కగుందని నాలుగుసార్లు అనండి. 9,000కు తెగుతుంది. మీరు చేసే బేరాలన్నింట్లోకీ తెలివైన బేరం ఇదొక్కటే. కాబట్టి ఊళ్లో ఎవరు కనబడినా దీన్నే చెప్పుకోండి.

రెండోది సంతలో కొనండి. మాల్ సంత కానివ్వండి, కొండమల్లేపల్లి సంత కానివ్వండి, తీరిగ్గా పోండి. తెల్లారకముందే లేచి పోయేవాళ్లు మంచి జీవాలను ఏరుకుని ఆటో ఎక్కించేస్తారు. మీరు ఎండెక్కాక చేరితే మిగిలినవి మారుబేరగాళ్ల చేతుల్లో ఉంటాయి. ఒకడు కొన్నదాన్ని ఇంకొకడు కొని మూడోవాడికి చూపిస్తుంటాడు. ఆ మూడోవాడు మీరే కావాలి.

పోతు కడుపు ఉబ్బి నిండుగా కనబడితే వెంటనే మోజుపడండి. ఉప్పు కలిపిన దాణా పెట్టి కడుపారా నీళ్లు తాగిస్తే ఏ పోతైనా పొద్దున్న రెండు గంటల పాటు అలాగే కనబడుతుంది. నడుం మీద చేయి పెట్టి చూడకండి. పక్కటెముకలు అయిపోయినచోట వెన్ను మీద వేళ్లతో నొక్కితే, ఎముక గుచ్చుకుంటుందా, కండ మెత్తగా తగులుతుందా అన్నది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. తెలిస్తే కొనబుద్ధి కాదు. నోరు తెరిచి పళ్లు కూడా చూడొద్దు. వయసు తెలిసి మీరు చేసేదేముంది?

బేరం తువ్వాల కిందే చేయండి. అవతలివాడు మీ చేయి పట్టుకుని తువ్వాల కప్పి వేళ్లు నొక్కుతాడు. ఎన్ని వేళ్లకు ఎన్ని వేలో, ఎక్కడ నొక్కితే ఎన్ని వందలో మీకు సరిగా రాకపోయినా తల మాత్రం ఊపండి. చుట్టూ నలుగురు చూస్తున్నారు, ఇప్పుడు అడిగితే పరువేం కాను? 11,000కు తెగిందని తువ్వాల తీశాక తెలుస్తుంది. ఇచ్చేయండి.

ఇప్పుడు చేతిలో రెండు పోతులున్నాయి, ఒకటి 9,000ది, ఒకటి 11,000ది. జేబులోంచి పోయింది 20,000. ఈ ఆఖరి అంకెను ఇక్కడే మర్చిపోండి. దీన్ని గుర్తుపెట్టుకున్నవాడు తర్వాతి చిట్కాల్లో ఒక్కటి కూడా పాటించలేడు.

2. రెండింటికీ ఒకటే ధర చెప్పండి

కందూరు చేసుకునేవాళ్ల కోసం చూడండి. జనవరిలో జాన్‌పహాడ్ సైదులు ఉర్సు దగ్గరపడుతుంటే మొక్కు తీర్చుకునేవాళ్లు జతలు జతలుగా యాటలు వెతుక్కుంటూ వస్తారు. వాళ్లకు ఒక్కోదానికి ఒక్కో ధర చెబితే అనుమానం వస్తుంది. సవకదాంట్లో ఏం లోపముందని అడుగుతారు, పిరందాంట్లో ఏం గొప్పుందని అడుగుతారు. జవాబు చెప్పడానికి ఓపిక కావాలి. ఓపిక ఖర్చు పెట్టకండి. "ఏది తీసుకున్నా 9,900" అనేయండి.

మీ పిరం పోతు కడుపులో నీళ్లు ఈపాటికి దిగిపోయి ఉంటాయి. రెండూ పక్కపక్కన నిలబడితే అన్నదమ్ముల్లా కనబడతాయి. కొన్నవాడు 9,900 చొప్పున రెండింటికీ 19,800 చేతిలో పెట్టి పోతాడు.

నోట్లు లెక్కపెట్టాలన్న కోరిక పుడుతుంది. పుట్టనీయండి గానీ తీర్చకండి. అందులోంచి వెంటనే ఒక 50 తీసి చాయ్ తాగండి, ఇంకొక 100 పెట్రోలు పోయించండి, మొన్న ఎవరో ఇచ్చిన ఉద్దెర పైసలు కూడా అదే జేబులో కుక్కండి. పొద్దున ఎంతతో బయల్దేరారో, ఇప్పుడు ఎంతుందో ఇక బ్రహ్మదేవుడికి కూడా అంతుపట్టదు.

3. శాతంలోంచి శాతం తీసేయండి

9,000ది 9,900కు పోయింది. 900 లాభం, అంటే కొన్న ధర మీద నూటికి పది. 11,000ది 9,900కు పోయింది. 1,100 నష్టం, అంటే కొన్న ధర మీద నూటికి పది. ఈ రెండు ముక్కలూ నిజమే, గట్టిగా చెప్పండి. చెప్పాక 900ను, 1,100ను మెల్లగా పక్కకు నెట్టేసి పదిని, పదిని మాత్రం మిగుల్చుకోండి. పదిలోంచి పది పోతే సున్నా. ఒకటో తరగతి పిల్లవాడైనా ఒప్పుకుంటాడు, ఐదో తరగతి దాటినవాడితోనే చిక్కు.

రూపాయల్లో ఆలోచించేవాడికి 1,100లోంచి 900 పోతే 200 తేలుతుంది. 20,000 పెట్టినవాడికి 200 పోయిందంటే నూటికి ఒక రూపాయి. శాతాల్లో ఆలోచించేవాడికి ఆ రూపాయి కనబడదు. మీరు శాతాల్లోనే ఉండండి, అక్కడ గాలి చల్లగా ఉంటుంది.

ఎవరైనా ఎదురు తిరిగితే వాడుకోవడానికి ఒక నిజాన్ని దగ్గర పెట్టుకోండి. రెండు పోతులనూ ఒకే ధరకు *కొని* ఉంటే, చెరి 10,000కు తెచ్చి ఒకదాన్ని 11,000కు, ఇంకొకదాన్ని 9,000కు అమ్మి ఉంటే, పెట్టింది 20,000, వచ్చింది 20,000. అక్కడ పదికి పది నిజంగానే చెల్లు. ఈ లెక్కను ఘనంగా చేసి చూపించి, చివర్లో "మనదీ గట్లనే" అని కలిపేయండి. కొన్న ధర ఒకటి కావడం వేరు, అమ్మిన ధర ఒకటి కావడం వేరు అని వినేవాడికి తట్టేలోపు మాట మార్చి వానల గురించి ఎత్తుకోండి.

4. బామ్మర్ది కాగితం తెస్తే కంగారుపడకండి

ప్రతి ఇంట్లోనూ కానిస్టేబుల్ పరీక్షకో గ్రూప్స్‌కో చదువుతున్న బామ్మర్ది ఒకడుంటాడు. లాభనష్టాల అధ్యాయం వాడికి కంఠతా వచ్చు. ఒకే ధరకు అమ్మిన రెండు వస్తువుల లెక్క పోటీ పరీక్షల పుస్తకాల్లో సైకిళ్లుగానో, కుర్చీలుగానో, గడియారాలుగానో వస్తూనే ఉంటుంది. మీ పోతులను చూడగానే వాడి చేయి పెన్ను కోసం వెతుక్కుంటుంది. మాట ఇట్లా నడుస్తుంది.

"బావా, పది శాతం దేని మీద?"

"దేని మీదేందిరా, యాట మీద!"

"అది కాదు బావా. సవకదాని మీద పది శాతమంటే 9,000 మీద. పిరందాని మీద పది శాతమంటే 11,000 మీద. రెండు పదులూ ఒకటి కావు."

"పది పది కాకుంటే ఇరవై అయితదా? ఏం చదువుతున్నవ్‌రా నువ్వు?"

"పెద్దదాని మీద పోయింది బావా, చిన్నదాని మీద వచ్చింది."

"పెద్దదో చిన్నదో, ఏమే! వీనికి అన్నం పెట్టు."

అన్నం పెట్టమన్న కేకతో సగం వాదాలు ముగుస్తాయి. ముగియకపోతే వాడు త్రైరాశికం మొదలుపెడతాడు. 110కి అమ్మినదాన్ని 100కు కొన్నట్టయితే 9,900కు అమ్మినదాన్ని ఎంతకు కొన్నట్టు? 9,000. 90కి అమ్మినదాన్ని 100కు కొన్నట్టయితే 9,900కు? 11,000. కొన్న ధరలు మీరు చెప్పకపోయినా వాడు ఇట్లా తవ్వి తీస్తాడు. ఈ లెక్కలో భయపడాల్సింది ఇక్కడే. అమ్మిన ధర, శాతం అనే రెండు ముక్కలు నోరు జారితే చాలు, మీరు దాచింది మొత్తం బయటపడుతుంది.

ఆ తర్వాత వాడు అసలు గుట్టు విప్పుతాడు, విని తల గోక్కోండి. ఒకటి లాభానికీ ఇంకొకటి అంతే శాతం నష్టానికీ ఒకే ధర పలికిందంటే, నష్టం వచ్చినదాన్ని ఎప్పుడైనా ఎక్కువ పెట్టి కొని ఉండాల్సిందే. లేకపోతే అది ఆ ధరకు నష్టం ఎట్లా అవుతుంది? మీ 20,000ను 20 పాళ్లు చేస్తే, 9 పాళ్లు లాభం వచ్చిన పోతు మీద, 11 పాళ్లు నష్టం వచ్చిన పోతు మీద ఉన్నాయి. 9 పాళ్ల మీద పదోవంతు వచ్చింది, 11 పాళ్ల మీద పదోవంతు పోయింది. తేడా 2 పాళ్లు, అందులో పదోవంతు 200. ధర 9,900 కాకపోయినా ఇంతే. 99 రూపాయల గిలక్కాయలు అమ్మినా, 99 లక్షల ప్లాట్లు అమ్మినా పాళ్లు 9కి 11గానే ఉంటాయి, నష్టం నూటికి ఒకటిగానే ఉంటుంది. ధర పెంచి తప్పించుకుందామని చూస్తే రూపాయలు ఎక్కువ పోతాయి తప్ప శాతం కదలదు.

వాడికి ఎదురుచెప్పాలంటే పూర్వీకులను పిలవండి. "ఏందిరా నీ లెక్క, పావులూరి మల్లన ఎప్పుడో రాసిండు, పో" అనండి. మల్లన నిజంగానే మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మనిషి, ఆ మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపువాడు. త్రైరాశికం ఆ గణితానికి వెన్నెముక. అంటే మల్లన ఇప్పుడు వచ్చి మీ ఇంటి అరుగు మీద కూర్చున్నా బామ్మర్ది పక్షమే మాట్లాడతాడు. ఆయన రాడు కాబట్టి ధైర్యంగా పేరు వాడుకోండి.

5. శాతం కింద నేల మార్చండి

బామ్మర్ది మరీ మొండివాడైతే ఈ ఒక్కటి ప్రయోగించండి. "నేను చెప్పిన పది శాతం అమ్మిన ధర మీదరా" అనండి.

ఇది ఊరికే అనే మాట కాదు, దీనికి బలముంది. చాలా మంది దుకాణదారులు తమ మిగులును అమ్మిన ధర మీదే లెక్కేసుకుంటారు, రోజు గల్లాపెట్టెలో పడ్డదాంట్లో నాకెంత అని చూసుకోవడం వాళ్లకు తేలిక. ఆ పద్ధతిలో 9,900 మీద పది శాతం అంటే 990. లాభం 990, నష్టం 990. నిజంగానే చెల్లుకు చెల్లు. బామ్మర్ది ఒక నిమిషం పెన్ను ఆపుతాడు. ఆ నిమిషంలో చెప్పులేసుకుని బయటికి పోవాలి.

ఉన్నారంటే వాడు లెక్క పూర్తి చేస్తాడు. అమ్మిన ధర మీద పది లాభమైతే మొదటి పోతును 8,910కి, అమ్మిన ధర మీద పది నష్టమైతే రెండోదాన్ని 10,890కి కొని ఉండాలి. రెండూ కలిపితే 19,800. మీరు ఊళ్లో ఇచ్చింది 9,000, సంతలో ఇచ్చింది 11,000 అని ఇంటిల్లిపాదికీ తెలుసు. అమ్మిన ధర మీద చూస్తే మీ లాభం నూటికి 9 రూపాయల చిల్లర, నష్టం నూటికి 11 రూపాయల చిల్లర. నేల మార్చినా ఆ 200 మీ వెంటే వస్తుంది. అందుకే అన్నాం, నిలబడొద్దని.

6. పైసలను తిప్పండి

ఒక్క సంతతో ఆగిపోయేవాడు 200తో బయటపడతాడు, అది చిన్నతనం. వచ్చిన 19,800ను మళ్లీ వచ్చే సంతలో పెట్టండి. మళ్లీ 9కి 11 పాళ్లుగా, మళ్లీ పది లాభం, పది నష్టం, మళ్లీ ఒకే ధర. రెండో సంతకు 19,602 అవుతుంది. నాలుగో సంత దాటేసరికి 19,212 మిగులుతుంది. 788 పోయింది, మీ నోట మాత్రం నాలుగుసార్లూ "చెల్లు" అనే వచ్చింది.

ఓపిక పట్టినవాళ్లకు ఫలితం పెద్దగా ఉంటుంది. వారానికొక సంత చొప్పున ఏడాదికి 52 తిప్పితే 20,000 దాదాపు 11,860కి దిగుతుంది. 69వ సంతకు సగం కంటే కిందికి పోతుంది. ప్రతిసారీ నూటికి ఒక్క రూపాయే కదా అనుకోవడం ఇందులో కీలకం. ఒక్క రూపాయి కోసం మొఖం చిన్నబుచ్చుకునే మగాడెవడు?

పెట్టుబడి సొంతది కాకుండా అప్పు తెచ్చిందైతే వేగం పెరుగుతుంది. నూటికి 2 రూపాయల మిత్తికి 20,000 తెస్తే నెలకు 400 మిత్తి. మీ పోతుల మీద నెలకు పోయే 788కి ఇది తోడవుతుంది. తైబజారు రసీదు, ఆటో కిరాయి, దళారికిచ్చింది, ఎండిన కంది పొట్టుకిచ్చింది, ఇవేవీ కొన్న ధరలో కలపకండి. కలిపితే లాభం వచ్చిన పోతు మీద పది శాతం కూడా ఆరో ఏడో అయిపోతుంది, అప్పుడు చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

7. పదితో ఆగకండి

పది శాతంతో పోయేది నూటికి ఒకటి. ఇది మందకొడి పద్ధతి. ఐదు శాతంతో అయితే మరీ ఘోరం, 9,500కు ఒకటి, 10,500కు ఒకటి కొని చెరి 9,975కు అమ్మితే పోయేది 50 రూపాయలు మాత్రమే, నూటికి పావలా. పావలా పోగొట్టుకోవడానికి సంత దాకా పోవాలా?

పెద్ద అంకె ఎంచుకోండి. అదే 20,000ను 8,000గా, 12,000గా విడదీసి కొనండి. ఒకదాని మీద 20 లాభం, ఇంకొకదాని మీద 20 నష్టం వచ్చేట్టు చెరి 9,600కు అమ్మండి. 19,200 వస్తుంది, 800 పోతుంది, నూటికి నాలుగు. శాతం రెండింతలైతే నష్టం నాలుగింతలైంది చూశారా! బామ్మర్ది పుస్తకంలో దీనికి చిన్న సూత్రముంది: ఆ శాతాన్ని అదే శాతంతో గుణించి నూటితో భాగిస్తే నష్టం శాతం వస్తుంది. పదిని పదితో గుణిస్తే నూరు, నూటితో భాగిస్తే ఒకటి. ముప్పైకి తొమ్మిది. యాభైకి ఇరవై ఐదు, అంటే 5,000కు ఒకటి, 15,000కు ఒకటి కొని చెరి 7,500కు వదిలించుకుంటే 20,000లో పావు వంతు ఒక్క పూటలో మాయం. అప్పుడు కూడా "యాభై వచ్చింది, యాభై పోయింది" అనవచ్చు. వినేవాళ్లు ఇంకా గౌరవంగా చూస్తారు.

నూటికి నూరు దాకా పోదామనే ఉత్సాహవంతులకు ఒక మాట. అక్కడ మొదటి పోతు మీకు ఊరికే రావాలి, రెండోది 20,000 పెట్టి కొనాలి, తర్వాత రెండింటినీ ఊరికే ఇచ్చేయాలి. దాన్ని బేరం అనరు, కందూరే అంటారు.

ఈ సూత్రాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడటం కూడా మంచి చిట్కానే. అమ్మిన ధర ఒకటే కావాలి, రెండు శాతాలూ ఒకటే కావాలి, అప్పుడే అది నిలబడుతుంది. మీరు ఆ రెండు షరతులూ చూడకుండా చీరల మీద, కోళ్ల మీద, పొరుగువాడి ప్లాటు మీద ప్రయోగించండి. ప్రతిచోటా తప్పు జవాబు గ్యారంటీ.

8. ఈ మూడు ప్రమాదాలకు దూరంగా ఉండండి

మొదటి ప్రమాదం జతకు ధర చెప్పడం. కొనేవాడు "రెండూ కలిపి ఎంత?" అన్నప్పుడు 20,000 అన్నారో, పని చెడింది. చెరి 10,000 అయి పెట్టుబడి మొత్తం చేతికొచ్చేస్తుంది. 9,900కు, 10,000కు మధ్య ఒక్కోదాని మీద 100 రూపాయలే తేడా, బేరంలో అంత మాట జారడం చాలా సులువు. నాలుక మీద అదుపు ఉంచుకోండి.

రెండోది మొదటి పోతును ఇంకా సవకగా కొనడం. రెండోదాని మీద 1,100 పోతుందని తెలిసినవాడు మొదటిదాని మీద అంతే తెచ్చుకోవాలని చూస్తాడు. 9,900కు అమ్మి 1,100 మిగలాలంటే 8,800కు కొనాలి. అంటే ఊళ్లో ఇంకొక 200 తగ్గించమనాలి. అప్పుడు 10 నష్టాన్ని చెల్లు చేయడానికి 12.5 లాభం కావాలని వాడికి అర్థమైపోతుంది, ఆ తర్వాత వాడికి ఈ చిట్కాల అవసరమే ఉండదు. హాస్టల్ ఫీజు కట్టాల్సిన ఇంటి నుంచి ఇంకా 200 గుంజడానికి మనసొప్పలేదని చెప్పుకుంటే సరి, బద్ధకానికి దయ పేరు బాగానే అతుకుతుంది.

మూడోది పొద్దున లెక్కపెట్టి, సాయంత్రం లెక్కపెట్టడం. పొద్దున సంచీలో 20,000, సాయంత్రం 19,800. శాతం తెలియని ముసలమ్మ కూడా ఈ లెక్క చేసేస్తుంది. బామ్మర్ది సూత్రాలన్నింటికంటే ఇదే ప్రమాదకరం, ఎందుకంటే దీనికి ఎదురుచెప్పే మాట ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

9. పుస్తకం ఇట్లా రాయండి

ఇంటామె లెక్క అడుగుతుంది కాబట్టి పుస్తకం ఒకటి ఉండాలి. ఎడమ పేజీలో "సవక పోతు, లాభం 900" అని పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీయండి. కుడి పేజీలో రెండో పోతు గురించి రాసేటప్పుడు రూపాయలు రాయకండి, "పది శాతం, చెల్లు" అని మాత్రం రాయండి. ఒక పేజీలో రూపాయలు, ఒక పేజీలో శాతాలు ఉంటే కూడేవాడికి కూడరాదు, తీసేవాడికి తీయరాదు.

కొన్న ధరలు ఎక్కడా వేయకండి. అమ్మిన ధర కూడా వేయకండి, శాతం పక్కన అది కనబడితే బామ్మర్ది తవ్వి తీస్తాడు. తేదీలు వేయకపోతే ఇంకా మంచిది. 200 ఏమైందని ఆమె ఒత్తిపట్టుకుని అడిగితే తైబజారు రేటు పెంచారనండి, ఆటోవాడు ఎక్కువ గుంజాడనండి, నోట్లలో ఒకటి చిరిగినది వచ్చిందనండి. మూడూ ఒకేసారి అనకండి, వచ్చే సంతకు రెండు మిగలాలి. ఆ సంతకు బయల్దేరేటప్పుడు బామ్మర్దిని వెంట తీసుకుపోవాల్సి వస్తే పోతులను పట్టుకునే పని వాడికి అప్పజెప్పండి, రెండు చేతులూ తాళ్లతో నిండి ఉన్నవాడు పెన్ను తీయలేడు.